చనిపోయిన వారి బ్యాంకు లాకరు ఎలా తెరవాలి, జాబితాలో ఏం రాయించాలి

"నాన్నగారు పోయి నెలైంది. లాకరు తాళం బీరువాలో దొరికింది. వెళ్లి తెరుచుకోవచ్చా?" బ్యాంకులో లాకర్ల పని చూసినన్నాళ్లూ ఈ ప్రశ్న విన్నాను. రిటైరయ్యాక పెళ్లి భోజనాల్లోనూ, పొద్దున నడకలోనూ వింటున్నాను. అడిగే ప్రతివారికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

లాకరు తెరవడం పెద్ద కష్టమేమీ కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే బ్యాంకే తెరిపిస్తుంది. అసలు జాగ్రత్త పడాల్సింది లోపలున్న వస్తువుల జాబితా రాసే అరగంటలో. ఒక కుటుంబంలో తల్లి పోయారు. లాకరు ఆమె ఒక్కరి పేరు మీదే ఉంది, నామినీ పెద్దకొడుకు. పది రోజుల్లో తెరిచాం. జాబితా రాసిన ఆఫీసరు నాలుగో వరుసలో "పసుపు లోహం గాజులు, 1 సెట్" అని రాశాడు. అందరూ సంతకాలు పెట్టారు. ఇంటికెళ్లాక చిన్నకూతురు "అమ్మకి ఎనిమిది గాజులు కదా అన్నయ్యా" అంది. ఆయన ఆరే ఉన్నాయన్నాడు. ఇద్దరూ నకలు పట్టుకుని బ్రాంచికి వచ్చారు. సెట్టంటే ఆరో ఎనిమిదో ఆ కాగితంలో లేదు, నేనూ చెప్పలేకపోయాను. ఆ అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు అక్కడితో ఆగిపోయాయి.

ముందు తేల్చుకోండి: లోపలికి వెళ్లే హక్కు ఎవరిది?

ఇది లాకరు ఒప్పందంలో ఏం రాసుందో దాన్నిబట్టి ఉంటుంది. నాలుగు రకాలుగా ఉండొచ్చు, మీది ఏదో చూసుకోండి.

లాకరు ఒక్కరి పేరు మీద ఉండి నామినీ రాసుంటే, తెరిచి వస్తువులు తీసుకునే అధికారం నామినీదే. ఇద్దరి పేర్ల మీద ఉండి "ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు" అనే షరతు ఉంటే బతికున్నవారిది. ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే తెరిచే లాకరై, నామినీ కూడా ఉంటే, బతికున్నవారూ నామినీ కలిసి వెళ్లాలి. నామినీ లేక, పైన చెప్పిన షరతూ లేకపోతే వారసులందరూ క్లెయిమ్ పెట్టాలి, లేదా కొందరు పెట్టి మిగతావారు అభ్యంతరం లేదని రాసివ్వాలి.

2025 నవంబరు 1 నుంచి లాకరుకు నలుగురు నామినీల దాకా రాయొచ్చు. అయితే నలుగురూ ఒకేసారి రారు. వరుసలో మొదటివారు బతికుండగా రెండోవారికి అధికారం ఉండదు. నామినేషన్ కాగితంలో మీ పేరు ఉందని సంబరపడే ముందు మీ వరుస ఎంతో చూడండి.

ఎక్కువమంది పొరబడే చోటు ఇదే: నామినీ అంటే యజమాని కాదు. లోపలున్నవి వారసులందరి తరఫున తీసుకునే ట్రస్టీ మాత్రమే. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లోనే ఈ సంగతి తేల్చింది. లాకరు తెరిపించేటప్పుడు నామినీకి ఈ మాట స్పష్టంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకులకు ఆదేశించింది. వస్తువులు ఎవరికి చెందాలన్నది వీలునామా ఉంటే దాన్నిబట్టి, లేకపోతే వారసత్వ చట్టాన్నిబట్టి తేలుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. "మా అన్నయ్యకి లాకరు ఇవ్వకండి" అని చెల్లెలు బ్యాంకుకు ఉత్తరం రాస్తే చాలదు. నామినీ ఉన్నచోట వేరేవాళ్ల నోటీసుకు బ్యాంకు కట్టుబడనక్కర్లేదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోనే ఉంది. కోర్టు ఉత్తర్వు తెస్తేనే ఆగుతుంది. నిజంగా ఆపించాలనుకుంటే ఉత్తరాలతో రోజులు పోగొట్టుకోకుండా వకీలు దగ్గరికి వెళ్లండి.

కావలసిన కాగితాలు

నామినీకీ, షరతు ప్రకారం బతికున్నవారికీ పని తేలిక. బ్యాంకు ఇచ్చే క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, తమ గుర్తింపు కార్డు ఉంటే చాలు. నామినేషన్‌లో తేడా ఏమీ లేకపోతే వీళ్లను కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్, పూచీకత్తు, బాండు అడగకూడదు. ఎవరైనా అడిగితే ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో రాసివ్వమనండి. సగం చోట్ల ఆ మాటతోనే దారి తెరుచుకుంటుంది.

నామినీ లేకపోతే వీటికి తోడు ఇంకొన్ని కావాలి: తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల లేదా వారసుల ధ్రువపత్రం (మీసేవలో దరఖాస్తు పెట్టండి), క్లెయిమ్ చేయని వారసుల నుంచి అభ్యంతరం లేదనే పత్రం, అందరి గుర్తింపు కార్డులు. ధ్రువపత్రానికి బదులు, కుటుంబాన్ని బాగా ఎరిగి, దానితో బంధుత్వం లేని, బ్యాంకుకు సమ్మతమైన వ్యక్తి అఫిడవిట్ కూడా నడుస్తుంది.

ఒక హెచ్చరిక. గొడవ ఉన్న కుటుంబాల్లో చాలామంది కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే నగలు కూడా వచ్చేస్తాయనుకుంటారు. ఆ సర్టిఫికెట్ పోయినవారికి రావాల్సిన అప్పులకూ, షేర్లు బాండ్ల వంటి సెక్యూరిటీలకూ ఉద్దేశించింది. లాకరులోని నగలకు, పోయినవారి ఆస్తి చూసుకునే అధికారాన్ని కోర్టు రాసిచ్చే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ గానీ, వాటి గురించే ఇచ్చిన కోర్టు ఉత్తర్వు గానీ కావాలి. కేసు వేసే ముందే వకీలును ఈ ఒక్క మాట అడగండి. నెలలు తిరిగి తప్పు కాగితం తెచ్చుకున్నవాళ్లను చూశాను.

ఇక వరుసగా చేయాల్సినవి

1. లాకరు ఏ బ్రాంచిలో ఉందో కనుక్కోండి. తెలిస్తే ఇది వదిలేయండి. తెలియకపోతే పాసుపుస్తకం తిరగేయండి, ఏడాదికోసారి లాకరు అద్దె కోసిన వరుస కనిపిస్తుంది. తాళంచెవి దొరికితే దాని మీద బ్యాంకు లేదా బ్రాంచి గుర్తింపు కోడు చెక్కి ఉందేమో చూడండి. ఒప్పందం కాగితం కోసం కూడా వెతకండి. 2023లో బ్యాంకులన్నీ పాత ఖాతాదారుల చేత కొత్త ఒప్పందాలు రాయించాయి కాబట్టి చాలా ఇళ్లలో ఆ నకలు ఉంటుంది.

2. మరణం సంగతి రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. లాకరు నంబరు, అద్దెకు తీసుకున్నవారి పేరు, మరణించిన తేదీ రాసి, ఇకపై ఎవరినీ లోపలికి పంపవద్దని కోరండి. మీ దగ్గరుండే నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. అదే ఉత్తరంలో చివరిసారి లాకరు ఎప్పుడు తెరిచారో చెప్పమని అడగండి.

ఆ చివరి ప్రశ్నకు కారణం ఉంది. మనిషి పోయాక, బ్యాంకుకు తెలిసేలోగా, ఇంట్లో ఒకరు తాళం పట్టుకెళ్లి తెరిచి రావడం కొత్త కాదు. "నాన్నగారు నా పేర అధికారం రాసిచ్చారుగా" అంటారు. ఆ అధికారం ఆయన ప్రాణంతోనే పోయింది. ఇప్పుడు ప్రతి ప్రవేశానికీ తేదీ, సమయం, సంతకంతో రికార్డు ఉంటుంది. తెరిచినరోజే ఖాతాదారు ఫోనుకు ఎస్సెమ్మెస్ రావాలి. లాకర్లుండే గది, అంటే వాల్టు గుమ్మం దగ్గర కెమెరా దృశ్యాలు కనీసం 180 రోజులు ఉంచాలి. అనుమానం ఉంటే ఆ గడువు దాటకముందే ఆ దృశ్యాలు చెరపవద్దని రాసివ్వండి. పోయినవారి సిమ్మును కూడా వెంటనే రద్దు చేయకండి.

3. క్లెయిమ్ ఫారం ఇచ్చి, పదిహేను రోజులు లెక్కపెట్టుకోండి. అన్ని కాగితాలూ అందిన నాటి నుంచి పదిహేను రోజుల్లోగా బ్యాంకు క్లెయిమ్ పరిశీలించి, జాబితా రాసే తేదీ మీతో మాట్లాడి ఖరారు చేయాలి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు వల్ల ఆలస్యమైతే లాకరు విషయంలో రోజుకు 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలి. వీటిని 2026 మార్చి 31లోగా అమలు చేయాలని గడువు పెట్టారు. లెక్క మొదలయ్యేది కాగితాలన్నీ అందిన రోజు నుంచి. అందుకని ఏమేం ఇచ్చారో వరుసగా రాసిన రసీదు తీసుకోండి. లేకపోతే పద్నాలుగో రోజున "ఇంకో కాగితం తక్కువ" అంటారు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

4. విదేశంలో ఉన్నవారి పని ముందే మొదలెట్టండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కూతురు సంతకం లేక ఆగిపోయే క్లెయిములే ఎక్కువ. ఆమె అక్కడ నోటరీ ముందు సంతకం చేసి, వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర వేయించి గానీ, భారత కాన్సులేటులో ధ్రువీకరించి గానీ పంపాలి. ఏది అంగీకరిస్తారో బ్రాంచిని ముందే అడగండి. పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. అది పరుపు కింద పెట్టి మరిచిపోయిన అన్నదమ్ములున్నారు.

5. వెళ్లే ముందు ఇంట్లో ఒక కాగితం రాసుకోండి. ఇది బ్యాంకు అడగదు, నేను అడుగుతున్నాను. మూడు వాక్యాలు చాలు. వస్తువులు తీసుకున్నాక ఎక్కడ ఉంచుతారు, మూసిన కవర్లు కనిపిస్తే ఎవరి ముందు తెరుస్తారు, వీలునామా దొరికితే దాన్ని ఎవరి దగ్గర ఉంచుతారు. అందరూ సంతకం చేయండి. వాల్టులో నిలబడి వీలునామా మొదటిసారి చూసినప్పుడు మనుషులు ఆలోచించి మాట్లాడరు.

6. ఆ రోజు లోపలికి ఎవరు వెళ్తారు? నామినీ కేసులో నామినీ, ఇద్దరు స్వతంత్ర సాక్షులు, లాకర్ల పనితో సంబంధం లేని ఒక బ్యాంకు ఆఫీసరు. నామినీ మైనరైతే చట్టప్రకారం వాడి తరఫున తీసుకునే పెద్దవారు. నామినీ లేని కేసులో క్లెయిమ్ చేసిన వారసులు. స్వతంత్ర సాక్షి అంటే వాటా లేనివాడు. బావమరిదిని తెచ్చి "ఈయనే సాక్షి" అంటే రేపు అతని మాటకు విలువ ఉండదు. పక్కింటి పెద్దాయన, మీ వీధి మందుల షాపాయన లాంటివాళ్లు మేలు.

మిగతా వారసులకు లోపలికి వచ్చే హక్కు ఉందా? నామినీ ఉంటే లేదు. నామినీ అడిగి, మేనేజరు ఒప్పుకుంటే రానిస్తారు. మీరు నామినీ అయితే తప్పకుండా అడగండి. చెల్లెలు కళ్లారా చూసిన గాజుల లెక్క మీద తర్వాత తగువు రాదు.

వెంట తీసుకెళ్లాల్సినవి: తెల్లని బట్ట ఒకటి (మెరిసే బల్ల మీద చిన్న ముత్యాలు జారిపోతాయి), చిన్న జిప్ కవర్లు, భూతద్దం, నంబర్లు రాసిన చీటీలు. ఫొటోలు తీయాలంటే ముందురోజే రాసి అనుమతి అడగండి.

7. తెరవడం. లాకరుకు రెండు తాళాలు. ఒకటి మీ దగ్గరున్నది, రెండోది బ్యాంకుది. రెండూ పడితేనే తెరుచుకుంటుంది. మీ తాళానికి నకలు బ్యాంకు దగ్గర ఉండదు. పోయుంటే లాకరు తయారీ కంపెనీ మనిషిని పిలిచి పగలగొట్టించాలి, ఖర్చు క్లెయిమ్ చేసినవారిదే. అలా అయితే మొత్తం వీడియో తీయమని రాసి కోరండి. తలుపు తెరుచుకున్న క్షణం నుంచి చివరి వస్తువు రాసేదాకా కెమెరా ఆగకూడదు. మధ్యలో ఆపి మళ్లీ మొదలెట్టిన వీడియో వల్ల లేని అనుమానాలు పుడతాయి.

8. జాబితా రాయించడం. దీనికి తొందరపడకండి. మధ్యాహ్నం భోజన సమయానికి ముందు పెట్టుకోకుండా పొద్దున్నే తేదీ అడగండి.

రిజర్వు బ్యాంకు నమూనాలో మూడు గడులే ఉంటాయి: వరుస సంఖ్య, వస్తువు వివరం, ఇతర గుర్తింపు వివరాలేమైనా ఉంటే అవి. బరువుకు గడి లేదు, విలువకు లేదు, ఎవరిదన్నదానికీ లేదు. బ్యాంకు "బంగారం" అని కూడా రాయదు, "పసుపు లోహం" అంటుంది. కెంపు అనదు, "ఎర్ర రాయి" అంటుంది. పరీక్షించకుండా హామీ ఇవ్వలేరు కాబట్టి అలా రాయడం సరైనదే. దాని మీద గొడవ పడొద్దు. మీ బలమంతా మూడో గడి మీద పెట్టండి. అది చాలా జాబితాల్లో ఖాళీగా మిగిలిపోతుంది.

బాగా రాయించిన ఒక జాబితా చూపిస్తాను. తండ్రి రిటైరైన మాస్టారు, లాకరు ఆయన ఒక్కరి పేరు మీదే, నామినీ లేరు. వారసులు భార్య, విజయవాడలో కొడుకు, న్యూజెర్సీలో కూతురు. కూతురు అభ్యంతరం లేదనే పత్రం పంపింది. కొడుకు ప్రతి వస్తువునూ బట్ట మీద పెట్టి, లెక్క పైకి చదివి, ఆఫీసరు రాశాక మళ్లీ చదివించుకున్నాడు.

1. కాసుల పేరు, పసుపు లోహం, 1. కాసులు లెక్కించగా 38. వెనక కొక్కెం దగ్గర ఎర్రదారం కట్టి ఉంది.
2. గాజులు, పసుపు లోహం, 6. నాలుగు సాదావి, రెండు చెక్కడపు పనివి. సాదావాటిలో ఒకటి సొట్టపడింది.
3. జూకాలు, 1 జత. ఒకదానికి అడుగున మూడు ముత్యాలు లేవు.
4. గొలుసు, పసుపు లోహం, 1. కొక్కెం మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య ఉంది (సంఖ్య రాశారు).
5. కుంకుమ భరిణె, తెల్ల లోహం, 1. లోపల ఒక ముక్కుపుడక, తెల్ల రాయి.
6. ఖాకీ కవరు, అంటించి ఉంది, పైన చేతిరాతతో "పాపకి" అని ఉంది. తెరవలేదు.
7. రిజిస్టర్డ్ అమ్మకం దస్తావేజు, దస్తావేజు సంఖ్య, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పేరు రాశారు. పుటలు 9.
8. 2,000 రూపాయల నోట్లు, 4.

ఐదో వరుస చూడండి. భరిణె మూత తీయకుండా "భరిణె, తెల్ల లోహం, 1" అని రాసుంటే ఆ ముక్కుపుడక ఏ లెక్కలోనూ ఉండేది కాదు. సీలు లేని పెట్టె, సంచి, పర్సు ఏదైనా తెరిచి లోపలిది విడిగా రాయించండి. ఆరో వరుస దీనికి ఎదురు. మూసి అంటించిన కవర్లు బ్యాంకు తెరవనక్కర్లేదు, మీరూ అక్కడ తెరవకండి. పైన ఏం రాసుందో, అంటింపు చెక్కుచెదరలేదనీ రాయిస్తే చాలు.

హాల్‌మార్క్ ఆరు అక్షరాల సంఖ్య 2021 తర్వాతి నగల మీదే ఉంటుంది. అమ్మమ్మల నాటి నగల మీద వెతకడం దండగ. వాటికి సొట్టలూ, తెగిన కొక్కేలూ, ఎర్రదారాలే గుర్తులు.

ఎనిమిదో వరుసలాంటి 2,000 నోట్లను హైదరాబాదులోని రిజర్వు బ్యాంకు కార్యాలయంలో మార్చుకోవచ్చు. 2016లో రద్దయిన పాత 500, 1,000 నోట్లు దొరికితే మాత్రం అది వేరే సంగతి. అవి పదికి మించి ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం, జరిమానా ఉంది. జాబితాలోంచి దాచకండి, ఎన్నున్నాయో అన్నీ రాయించి ఆ వారంలోనే ఆడిటరును కలవండి.

9. సంతకం, నకలు. జాబితా చివర "పై వస్తువులతో పాటు ఈ జాబితా నకలు కూడా అందింది" అనే వాక్యం ఉంటుంది. నకలు చేతికొచ్చాకే సంతకం పెట్టండి. "రేపు వచ్చి తీసుకోండి" అంటే అక్కడే కూర్చోండి. ఖాళీ వరుసలు మిగిలితే అడ్డగీత కొట్టించండి. పుటలు రెండుంటే రెండింటి మీదా అందరి సంతకాలు ఉండాలి. లాకరు ఖాళీగా ఉందనీ, ఇంకొకరికి ఇవ్వడానికి అభ్యంతరం లేదనీ వేరే కాగితం కూడా తీసుకుంటారు. అది రాసే ముందు లోపలి అర వెనక మూల దాకా చెయ్యి పెట్టి తడమండి. టార్చి వేసి చూడండి. ఉంగరాలు, చెవి దిద్దులు వెనక సందులో దొరకడం నాకు రెండుసార్లు అనుభవం.

10. అదే రోజు రెండో జాబితా. బ్యాంకు జాబితాలో బరువు ఉండదు కాబట్టి ఇది మీ పని. వస్తువులు ఇంటికి తీసుకెళ్లకుండా నేరుగా తెలిసిన షరాబు దగ్గరికి వెళ్లండి. బంగారం రుణాలిచ్చే బ్రాంచైతే బంగారానికి విలువ కట్టే వాళ్ల అప్రైజరును అడిగి చూడొచ్చు, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. బ్యాంకు జాబితాలోని వరుస సంఖ్యలే వాడుతూ ఒక్కొక్కదాని బరువు, కారెట్టు రాయించండి. రాళ్ల బరువు, మైనం బరువు తీసేశాడో లేదో అడగండి. విదేశంలో ఉన్నవారిని వీడియో కాల్‌లో ఉంచండి. మాస్టారి కొడుకు అలాగే చేశాడు. చెల్లెలికి అప్పుడు అర్ధరాత్రి దాటింది, అయినా చివరి నగ దాకా చూసింది.

లాకరు ఎవరి పేరునుంటే వస్తువులు వారివేనా?

మాస్టారి ఇంట్లో ఇదే ప్రశ్న వచ్చింది. లాకరు ఆయనది, కాసుల పేరు, జూకాలు మాత్రం భార్యకు పుట్టింటివారు పెట్టినవి. లాకరు భర్త పేరు మీదున్నంత మాత్రాన ఆమె స్త్రీధనం ఆయన ఆస్తి అయిపోదు. అది పంపకానికి రాదు. కానీ బ్యాంకు జాబితాలో ఈ మాట రాయరు, వాళ్లు రాయలేరు కూడా. అందుకని రెండో జాబితా కిందే "1, 3 వరుసలు అమ్మవి, పంపకంలో లేవు" అని రాసి పిల్లలిద్దరూ సంతకాలు చేశారు. మిగతా వాటికి, వీలునామా లేని హిందూ పురుషుడికి భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే తల్లి తొలి వారసులు. తల్లిని మరిచిపోయే కుటుంబాలే ఎక్కువ. నాన్నమ్మ ఊళ్లో ఉంటే ఆమె సంతకం లేని అభ్యంతరరహిత పత్రం సగం పత్రమే.

కోడలి నగలు అత్తగారి లాకరులో ఉండటం కూడా మామూలే. పెళ్లి ఫొటోలు, షాపు బిల్లులు ముందే తీసిపెట్టుకోండి. వాల్టులో ఆ వాదన పెట్టకండి. అక్కడ బ్యాంకువాళ్లు తేల్చగలిగింది ఏమీ లేదు.

సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూసుకోండి

నకలు పట్టుకుని, ఆ రోజు లోపలికి రాని ఒకరికి ఇవ్వండి. కాగితం మాత్రమే చూసి బల్ల మీద వస్తువులను వరుస సంఖ్యల ప్రకారం పేర్చమనండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ వివరం చాలలేదన్నమాట. ఆ లోటును రెండో జాబితాలో అదే రోజు పూరించి అందరి సంతకాలూ తీసుకోండి. బ్యాంకు జాబితా మీద మాత్రం ఇంట్లో ఒక్క అక్షరం దిద్దకండి. దిద్దిన కాగితం ఎందుకూ పనికిరాదు.

"సెట్", "కొన్ని", "మొదలైనవి", "చిల్లర సామాను" అనే మాటలు నకలులో ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే మరునాడే మేనేజరుకు ఉత్తరం రాసి, అక్కడున్న సాక్షుల సంతకాలతో ఆ వరుసలో ఎన్ని వస్తువులున్నాయో తెలియజేయండి, రసీదు తీసుకోండి. వారం దాటితే సాక్షులకే గుర్తుండదు.

ఇక డబ్బు లెక్క ఒకటి మిగులుతుంది. ముందుగా కట్టిన అద్దెలో వాడని కాలానికి తిరిగి రావాలి, అడగండి. లాకరు ఇచ్చేటప్పుడు మూడేళ్ల అద్దె, పగలగొట్టే ఖర్చు నిమిత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్ కట్టించుకుని ఉండొచ్చు. అది లాకరు క్లెయిమ్‌లో రాదు. దానికి నామినీ వేరేవారై ఉండొచ్చు, ఫారం కూడా వేరే. తాళంచెవి తిరిగి ఇచ్చినప్పుడు రసీదు రాయించుకుని, అదే కూర్చోవడంలో ఆ డిపాజిట్ నంబరు అడిగి రాసుకోండి.